రీఛార్జ్‌తో వచ్చే నెట్‌ఫ్లిక్స్, విడిగా కొన్న నెట్‌ఫ్లిక్స్ ఒకటేనా?

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్లాట్లలో రీఛార్జ్ అయిపోయే టైమ్‌కి ఒక మాట కచ్చితంగా వస్తుంది, "ఎలాగూ రీఛార్జ్ చెయ్యాలి కదా, ఇంకో నాలుగొందలు వేస్తే నెట్‌ఫ్లిక్స్ ఫ్రీ అంట" అని. ఇంకో నాలుగొందలు వేస్తే వచ్చేది ఫ్రీ ఎలా అవుతుందో ఎవరూ అడగరు. నిజానికి ఆ నాలుగొందలు దేనికి వెళ్తున్నాయి, అదే యాప్‌ని నేరుగా కొంటే ఎంతయ్యేది, రెండిట్లో మన చేతికి వచ్చేది ఒకటేనా అనేది లెక్క వేస్తే కొన్ని ప్లాన్లలో మనకి లాభం, కొన్నిట్లో చిన్న నష్టం, కొన్నిట్లో బాగానే నష్టం. ఎలా లెక్క వెయ్యాలో తెలిస్తే చాలు, ఆఫర్ పేరు ఏదైనా రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. రీఛార్జ్ ప్లాన్ మీద "నెట్‌ఫ్లిక్స్" అని ఉంటే అది మొత్తం నెట్‌ఫ్లిక్స్ కాదు, నెట్‌ఫ్లిక్స్ అమ్మే నాలుగు ప్లాన్లలో ఒకటి. 2021 డిసెంబర్‌లో ఇండియాలో రేట్లు తగ్గించాక ఆ నాలుగూ ఇలా ఉన్నాయి: మొబైల్ నెలకి 149, బేసిక్ 199, స్టాండర్డ్ 499, ప్రీమియం 649. మొబైల్ అంటే ఫోన్ లేదా టాబ్లెట్‌లో మాత్రమే, అదీ 480p క్వాలిటీలో, ఒకసారికి ఒక్కరే. టీవీలో రాదు, ఫోన్ నుంచి టీవీకి క్యాస్ట్ చేద్దామన్నా కుదరదు. బేసిక్ అయితే టీవీలో, ల్యాప్‌టాప్‌లో కూడా వస్తుంది, 720p, కానీ అప్పుడూ ఒకసారికి ఒక్క స్క్రీనే. స్టాండర్డ్‌లో రెండు స్క్రీన్లు, 1080p. ప్రీమియంలో నాలుగు స్క్రీన్లు, క్వాలిటీ అన్నిటికన్నా ఎక్కువ. టెలికామ్ ప్లాన్లలో ఎక్కువగా కనపడేవి మొదటి రెండే, మొబైల్ గానీ బేసిక్ గానీ.

ఈ తేడా ప్లాన్ డీటైల్స్‌లో రాసే ఉంటుంది కానీ చిన్న అక్షరాల్లో ఉంటుంది, బ్యానర్ మీద మాత్రం ఎర్ర లోగో పెద్దగా ఉంటుంది. అందుకే ముందు అడగాల్సింది "నెట్‌ఫ్లిక్స్ ఉందా లేదా" అని కాదు, "ఏ నెట్‌ఫ్లిక్స్" అని. ప్రైమ్‌కైనా హాట్‌స్టార్‌కైనా ఇదే.

ఇప్పుడు ఒక నిజమైన లెక్క వేద్దాం. మారతహళ్లిలో మా పిన్ని కొడుకు ఇంకో ఇద్దరితో కలిసి టూ బీహెచ్‌కేలో ఉంటాడు, హాల్లో టీవీ ఉంది, ఇంట్లో ఫైబర్ వైఫై ఉంది, వాడిది జియో ప్రీపెయిడ్. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నా, 1299 రీఛార్జ్ కొట్టా, ఫోన్‌లో నెట్‌ఫ్లిక్స్ వస్తోంది గానీ టీవీలో రావట్లేదు, 1799 ప్లాన్‌కి మారితే వస్తుందంటున్నారు, మారనా?" అన్నాడు. టీవీలో వస్తుందన్నది నిజమే. 1299లో ఇచ్చేది నెట్‌ఫ్లిక్స్ మొబైల్, 1799లో ఇచ్చేది బేసిక్. కానీ మారాలా వద్దా అనేది వేరే ప్రశ్న, దానికి జవాబు ఆ రెండు ప్లాన్లని పక్కపక్కన పెట్టి చూస్తే దొరకదు.

2024 జూలైలో రేట్లు పెరిగిన తర్వాత జియోలో ప్లాన్లు ఇలా ఉన్నాయి. 859కి 84 రోజులు, రోజుకి 2 జీబీ, ఓటీటీ ఏమీ లేదు. 1299కి అవే 84 రోజులు, అదే 2 జీబీ, కాకపోతే నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ఉంటుంది. అంటే రెండూ కవల పిల్లల్లాంటి ప్లాన్లు, ఒకటే తేడా నెట్‌ఫ్లిక్స్. కాబట్టి నెట్‌ఫ్లిక్స్‌కి మనం ఇస్తున్నది 1299 కాదు, 1299లోంచి 859 తీసేస్తే వచ్చే 440. అదే నెట్‌ఫ్లిక్స్ మొబైల్ నేరుగా మూడు నెలలు కొంటే 149 చొప్పున 447. చూడ్డానికి ఏడు రూపాయలు మిగిలినట్టే ఉంది.

కానీ 84 రోజులు మూడు నెలలు కాదు కదా. మూడు నెలలంటే 91 రోజులు దాకా వస్తాయి, ఇక్కడ వారం తక్కువ. రోజు లెక్కన చూస్తే రీఛార్జ్‌తో వచ్చే నెట్‌ఫ్లిక్స్ రోజుకి సుమారు 5 రూపాయల 24 పైసలు, నేరుగా కొన్నది 4 రూపాయల 90 పైసలు. ఏడాదంతా ఇలాగే వేస్తూ పోతే 84 రోజుల రీఛార్జ్‌లు నాలుగుకి మించి పడతాయి, నెట్‌ఫ్లిక్స్ వాటా సుమారు 1912 అవుతుంది, నేరుగా పన్నెండు నెలలు కొంటే 1788. అంటే బండిల్‌లో ఏడాదికి ఓ 124 రూపాయలు ఎక్కువే. పెద్ద మొత్తం కాదు, నెలనెలా పేమెంట్ గోల లేకుండా ఒకేసారి అయిపోతుంది కాబట్టి చాలామందికి అది ఓకే అనిపించొచ్చు, తప్పేం లేదు. కాకపోతే అది ఫ్రీ కాదు, డిస్కౌంట్ కూడా కాదు, దాదాపు అదే రేటుకి వేరే కౌంటర్ దగ్గర కొన్నట్టు.

ఇప్పుడు మావాడి 1799 సంగతి. దీని కవల 1199 ప్లాన్, 84 రోజులు, రోజుకి 3 జీబీ, నెట్‌ఫ్లిక్స్ లేకుండా. 1799లోంచి 1199 తీస్తే 600. బేసిక్ నేరుగా మూడు నెలలకి 597. ఇక్కడ కూడా మొదటి చూపుకి సరిగ్గా సరిపోయినట్టే ఉంటుంది, రోజు లెక్కకి వస్తే మళ్ళీ బండిల్ కొంచెం ఎక్కువ. కానీ అసలు చిక్కు ఇది కాదు. మావాడు ఎప్పుడూ రోజుకి 3 జీబీ ప్లాన్ వేసుకోలేదు, వాడికి అవసరం లేదు, ఆఫీస్‌లో వైఫై, ఇంట్లో వైఫై, మధ్యలో బస్సులో చూసేదానికి 2 జీబీ కూడా పూర్తిగా అవ్వదు. వాడు నెట్‌ఫ్లిక్స్ అనే ఆలోచన లేకపోతే వేసుకునేది 859. అంటే వాడి విషయంలో 1799లోంచి తీసెయ్యాల్సింది 1199 కాదు, 859. అప్పుడు వచ్చేది 940. అందులో 600 నెట్‌ఫ్లిక్స్‌కి, మిగతా 340 వాడని డేటాకి.

అదే వాడు 859 రీఛార్జ్ చేసి, నెట్‌ఫ్లిక్స్ సైట్‌లో బేసిక్ నెలకి 199కి విడిగా తీసుకుంటే మూడు నెలలకి మొత్తం 1456. బండిల్‌తో పోలిస్తే 343 రూపాయలు తక్కువ, పైగా నెట్‌ఫ్లిక్స్ వారం రోజులు ఎక్కువ వస్తుంది. టీవీలో వచ్చేది రెండిట్లోనూ అదే బేసిక్, అదే 720p. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అందరూ తెలుసుకోవాల్సింది ఇదే: తీసివేత చేసేటప్పుడు కంపెనీ చూపించే పక్క ప్లాన్‌తో కాదు, ఓటీటీ లేకపోతే మీరు నిజంగా వేసుకునే ప్లాన్‌తో చెయ్యాలి. బండిల్‌లో ఓటీటీ ఎప్పుడూ ఒంటరిగా రాదు, చాలాసార్లు పెద్ద డేటా ప్లాన్‌కి అంటుకుని వస్తుంది, ఆ డేటా మీకు అవసరమైతే లెక్క వేరు, అవసరం లేకపోతే మీరు కొంటున్నది ఓటీటీ కన్నా డేటానే.

రోజుకి 3 జీబీ నిజంగా వాడేవాళ్ళు ఉన్నారు, పీజీలో వైఫై నత్తలా ఉండి మొత్తం ఫోన్ మీదే నడిపేవాళ్ళు. వాళ్ళకి 1199 ఎలాగూ వేసేదే కాబట్టి 600 లెక్క కరెక్ట్, బండిల్ తీసుకున్నా పెద్దగా పోయేది లేదు. ఒకటి గుర్తుపెట్టుకోండి, ప్లాన్‌లో నెట్‌ఫ్లిక్స్ ఉంది కదా అని నెట్‌ఫ్లిక్స్ చూడ్డానికి డేటా విడిగా ఇవ్వరు, చూసిందంతా ఆ రోజువారీ కోటాలోంచే పోతుంది. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం మీడియం క్వాలిటీలో గంటకి 0.7 జీబీ దాకా, హై పెడితే హెచ్‌డీలో గంటకి 3 జీబీ దాకా తింటుంది. కోటా అయిపోతే స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, దాంతో వీడియో కదలదు. అన్‌లిమిటెడ్ ఫైవ్‌జీ ఉన్న ప్లాన్, ఫైవ్‌జీ ఫోన్, ఫైవ్‌జీ సిగ్నల్ మూడూ కలిస్తేనే ఈ కోటా బాధ ఉండదు.

ఆ ఫ్లాట్‌లో ఇంకో దారి కూడా ఉంది. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే వైఫై, ఒకే టీవీ. స్టాండర్డ్ నేరుగా 499కి తీసుకుని ముగ్గురూ పంచుకుంటే ఒక్కొక్కరికి నెలకి 166 చిల్లర, 1080p, ఒకేసారి ఇద్దరు చూడొచ్చు, ఒకడు టీవీలో ఇంకొకడు ఫోన్‌లో. బండిల్ బేసిక్‌లో ఒకడు టీవీ పెట్టగానే మిగతా ఇద్దరికీ ఆగిపోతుంది. 2023 జూలై నుంచి ఇండియాలో కూడా నెట్‌ఫ్లిక్స్ అకౌంట్ ఒక ఇంటివాళ్ళకే అని రూల్ పెట్టింది కాబట్టి వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళతో పంచుకోవడం ఇబ్బందే గానీ ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకి ఆ సమస్య లేదు. మావాళ్ళు చివరికి ఇదే తీసుకున్నారు, రీఛార్జ్ మాత్రం మళ్ళీ 859కి మార్చేశాడు.

అయితే బండిల్ అంటేనే నష్టం అనుకోకూడదు, యాప్‌ని బట్టి మారుతుంది. అదే జియోలో 1029 ప్లాన్ ఉంది, 84 రోజులు, 2 జీబీ, దాంతో ప్రైమ్ లైట్. 859 తీస్తే 170. ప్రైమ్ లైట్ నేరుగా ఏడాదికి 799, అంటే 84 రోజులకి సుమారు 184. ఇక్కడ బండిల్‌లోనే కాస్త తక్కువ, పైగా ఏడాది డబ్బు ఒకేసారి కట్టక్కర్లేదు. కాకపోతే లైట్ అనే మాట చూడాలి, అది 1499 కట్టే పూర్తి ప్రైమ్ కాదు, వీడియో క్వాలిటీ 720p దగ్గర ఆగిపోతుంది, యాడ్స్ వస్తాయి. యాడ్స్ సంగతికొస్తే 2025 జూన్ నుంచి పూర్తి ప్రైమ్‌లో కూడా వస్తున్నాయి, వద్దంటే ఏడాదికి ఇంకో 699 కట్టాలి, కాబట్టి ఆ ఒక్క విషయంలో తేడా ఇప్పుడు కొంచెం తగ్గింది.

949 ప్లాన్ ఇంకా నయం. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయినప్పుడు దాని మొబైల్ ప్లాన్ మూడు నెలలకి 149 పెట్టారు. ఆ మొబైల్ ప్లాన్‌నే 949లో కలిపారు, 859 తీస్తే 90 రూపాయలే. అరవై రూపాయల దాకా నికరంగా మిగిలినట్టే, ఫోన్‌లో క్రికెట్ చూసుకునేవాళ్ళకి ఇది నిజంగా మంచి బేరం.

ఎయిర్‌టెల్ 2025 మేలో తెచ్చిన 279 ప్యాక్ ఇంకో రకం. అది కాల్స్ ప్లాన్ కాదు, మామూలు రీఛార్జ్ మీద అదనంగా వేసుకునేది, నెల రోజులకి నెట్‌ఫ్లిక్స్ బేసిక్, జియోహాట్‌స్టార్ సూపర్, జీ5, ఎయిర్‌టెల్ సొంత ఎక్స్‌స్ట్రీమ్ ప్లే అన్నీ కలిపి ఇచ్చారు. నెట్‌ఫ్లిక్స్ బేసిక్ ఒక్కటే నేరుగా 199, హాట్‌స్టార్ సూపర్ అప్పటి రేటు మూడు నెలలకి 299 అంటే నెలకి వంద, ఈ రెండిటికే 299 అయిపోయింది. అంటే ఈ రెండూ ప్రతి నెలా చూసేవాళ్ళకి ప్యాక్ తీసుకోవడమే లాభం, జీ5 పైన వచ్చినట్టు. నెట్‌ఫ్లిక్స్ ఒక్కటే చూసేవాళ్ళకి మాత్రం ప్రతి నెలా 80 రూపాయలు ఊరికే పోతాయి. లిస్టులో పాతిక యాప్‌ల పేర్లు చూసి పాతికకీ రేటు కట్టకండి, గడిచిన రెండు నెలల్లో మీరు తెరిచిన యాప్‌లకి మాత్రమే రేటు కట్టండి. (రేట్లు మారుతూ ఉంటాయి, వేసే ముందు రోజు రేట్లతో ఇదే తీసివేత మళ్ళీ ఒకసారి చెయ్యండి.)

డబ్బు లెక్క ఇంతే. ఇక డబ్బుతో సంబంధం లేని తేడాలు కొన్ని ఉన్నాయి, మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే.

మొదటిది గడువు. నేరుగా కొంటే నెల నెలా నడుస్తుంది, ఈ నెల చూడను అనుకుంటే ఆపేసి మళ్ళీ వచ్చే నెల మొదలుపెట్టొచ్చు. బండిల్‌లో ఓటీటీ గడువు రీఛార్జ్ గడువుతో కలిసి నడుస్తుంది, మధ్యలో ఆపితే డబ్బు వెనక్కి రాదు. ఇంకా ఇబ్బంది ఏంటంటే మనలో చాలామంది పాత ప్లాన్ ఇంకా పది రోజులు ఉండగానే ముందుజాగ్రత్తగా కొత్తది వేసేస్తాం. అప్పుడు కొత్త ప్లాన్ క్యూలో ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ ఉన్న ప్లాన్ క్యూలో ఉండి, ప్రస్తుతం నడుస్తున్నది మామూలు 859 అయితే నెట్‌ఫ్లిక్స్ రాదు, ఆ ప్లాన్ యాక్టివ్ అయిన రోజే వస్తుంది. "డబ్బులు కట్ అయ్యాయి నెట్‌ఫ్లిక్స్ రాలేదు" అనే గొడవల్లో చాలావాటికి కారణం ఇదే. యాప్‌లో మై ప్లాన్స్ తెరిచి ఏది యాక్టివ్‌లో ఉంది, ఏది క్యూలో ఉంది అని చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

నెలవారీ ప్లాన్ మీద మూడు నెలల ఓటీటీ ఇస్తామనే ఆఫర్లలో ఇంకో మెలిక ఉంటుంది. జియోహాట్‌స్టార్ విషయంలో జియో పెట్టిన కండిషన్ ఏంటంటే రెండో నెల, మూడో నెల కూడా రావాలంటే ప్లాన్ అయిపోయిన 48 గంటల్లోపు మళ్ళీ రీఛార్జ్ చెయ్యాలి. సంక్రాంతికి ఊరెళ్ళి, వచ్చాక చేద్దాంలే అని నాలుగు రోజులు ఆగితే మూడు నెలలు అనుకున్నది ఒక నెలతోనే ఆగిపోతుంది. పోస్ట్‌పెయిడ్‌లో ఇలాంటిదే ఇంకోలా ఉంటుంది, బిల్లు ప్రతి నెలా కడుతూనే ఉంటాం కానీ ప్రైమ్ మాత్రం ఆరు నెలలకే ఇస్తారు. ఎయిర్‌టెల్ 2022లో కొన్ని పోస్ట్‌పెయిడ్ ప్లాన్లలో ఏడాది ప్రైమ్‌ని ఆరు నెలలకి తగ్గించింది, ప్లాన్ రేటు తగ్గలేదు. పోస్ట్‌పెయిడ్ రేట్ల మీద 18 శాతం జీఎస్టీ అదనం అన్నది కూడా తీసివేతలో కలపాలి, ప్రీపెయిడ్ రేట్లలో, యాప్‌ల నేరు రేట్లలో ట్యాక్స్ కలిసే ఉంటుంది.

రెండోది అకౌంట్ ఎవరిది అనేది. నెట్‌ఫ్లిక్స్‌లో అకౌంట్ మీ ఈమెయిల్ మీద ఉంటుంది, ఫోన్ నంబర్ కేవలం డబ్బు కట్టే దారి. రీఛార్జ్ చేశాక ఆపరేటర్ యాప్‌లోంచి నెట్‌ఫ్లిక్స్ లింక్ నొక్కి, అక్కడ లాగిన్ అయితేనే ఆ రెండూ కలుస్తాయి, ఊరికే నెట్‌ఫ్లిక్స్ యాప్ తెరిస్తే అది డబ్బు అడుగుతూనే ఉంటుంది. ఇప్పటికే అకౌంట్ ఉంటే అదే ఈమెయిల్‌తో లాగిన్ అవ్వండి, కొత్తది తెరిస్తే మీ ప్రొఫైల్, సగంలో ఆపిన సిరీస్‌లు అన్నీ పాత అకౌంట్‌లోనే ఉండిపోతాయి. లింక్ అయ్యాక అకౌంట్ పేజీకి వెళ్ళి పేమెంట్ దగ్గర ఆపరేటర్ పేరు కనపడుతోందా, ప్లాన్ ఏదని చూపిస్తోంది అని ఒకసారి చూస్కోండి. రేపు నంబర్ పోర్ట్ చేసినా అకౌంట్ మీదే, డబ్బు కట్టే దారి మాత్రమే పోతుంది.

జియోహాట్‌స్టార్ అలా కాదు, అక్కడ లాగినే ఫోన్ నంబర్‌తో. ఏ నంబర్‌కి రీఛార్జ్ చేశామో ఆ నంబర్‌తోనే లాగిన్ అవ్వాలి. బెంగళూరులో ఉంటూ ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల నంబర్లకి మనమే రీఛార్జ్ చేస్తుంటాం కదా, అక్కడ ఇది తెలియాలి. ఒంగోలులో ఉన్న అమ్మ నంబర్‌కి హాట్‌స్టార్ ప్లాన్ వేస్తే అది అమ్మ నంబర్‌కే వస్తుంది, మీ ఫోన్‌లో చూడాలంటే అమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, ఇప్పుడో మెసేజ్ వస్తుంది, అందులో నంబర్ చదువు" అనాలి. పైగా అది మొబైల్ ప్లాన్ అయితే ఊళ్ళో హాల్లో ఉన్న టీవీలో పనిచెయ్యదు, అమ్మ సీరియల్ చూసేది టీవీలోనే అయితే ఆ డబ్బు ఎవరికీ ఉపయోగపడనట్టే. పెద్దవాళ్ళ కోసం తీసుకునేటప్పుడు ఫోన్‌లో చూస్తారా టీవీలో చూస్తారా అని ముందు అడగండి. టీవీ అయితే టీవీ ప్లాన్ నేరుగా కొని వాళ్ళ నంబర్‌తోనే లాగిన్ చేసిపెట్టడం మేలు, మన నంబర్‌తో చేస్తే టీవీ లాగౌట్ అయిన ప్రతిసారీ ఓటీపీ మనకే వస్తుంది, మనం మీటింగ్‌లో ఉంటాం.

మూడోది, ఓటీటీ పేరు ఉంటుంది గానీ ఆ ఓటీటీ యాప్ రాని రకం. జియోలో 1049 ప్లాన్‌లో సోనీలివ్, జీ5 అని రాసి ఉంటుంది, కానీ వాటిని చూడాల్సింది జియోటీవీ మొబైల్ యాప్‌లో. సోనీలివ్ యాప్ దింపుకుని మీ నంబర్‌తో లాగిన్ అయితే అక్కడ సబ్‌స్క్రిప్షన్ కనపడదు. ఎక్స్‌స్ట్రీమ్ ప్లే కూడా ఇలాంటిదే, ఆహా, సన్‌నెక్స్ట్, సోనీలివ్ లాంటివాటి కంటెంట్ ఆ ఒక్క యాప్‌లోపలే ఉంటుంది. బెంగళూరులో కూర్చుని తెలుగు కంటెంట్ కోసం వెతికేవాళ్ళకి ఇది నిజంగా పనికొచ్చేదే, ఒకే లాగిన్‌తో ఆహా, సన్‌నెక్స్ట్ రెండూ వస్తాయి. కానీ ఆహా సొంత యాప్‌లో మీకున్న వాచ్‌లిస్ట్ ఇక్కడికి రాదు, ఇక్కడ చూసింది అక్కడ కనపడదు. మీ టీవీలో ఆహా యాప్ ఉంది కదా, అందులో వస్తుందనుకుంటే రాదు. మీకు కావాల్సిన సినిమా పేరు కొట్టి ఆపరేటర్ యాప్‌లో ముందే వెతికి చూడండి, చాలావరకు డబ్బు కట్టకుండానే అది ఉందో లేదో చూపిస్తుంది.

ఇంకో చిన్న విషయం గానీ డబ్బు పోయే విషయం: బండిల్ తీసుకున్నాక పాత ఆటోపే. హాట్‌స్టార్ నిరుడు ప్లే స్టోర్ ద్వారా కొని ఉంటే, ఇప్పుడు రీఛార్జ్‌తో మళ్ళీ వచ్చిందని ప్లే స్టోర్‌కి తెలియదు, గడువు రోజు దాని డబ్బు అది లాగేసుకుంటుంది. ఎక్కడ కొన్నారో అక్కడే క్యాన్సిల్ చెయ్యాలి, యాప్ సైట్‌లో కొంటే అక్కడ, ప్లే స్టోర్‌లో కొంటే అక్కడ, యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే యూపీఐ యాప్‌లో ఆటోపే లిస్ట్ కూడా ఒకసారి చూడండి. ఒక్క యాప్‌కి రెండు వైపుల నుంచి కడుతున్నవాళ్ళు మన చుట్టూనే ఉన్నారు, బ్యాంక్ మెసేజ్‌లలో ఆ యాప్ పేరు వెతికితే బయటపడుతుంది.

చివరిగా, ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలి అనేది. నేరుగా కొంటే మీకు అమ్మింది ఆ యాప్ కంపెనీయే, ఒక్కరితోనే మాట. బండిల్‌లో అమ్మింది టెలికామ్, చూపిస్తున్నది యాప్, ఫోన్ చేస్తే ఒకరు ఇంకొకరి మీదకి తోస్తారు. ఇక్కడ గీత తేలికే: సబ్‌స్క్రిప్షన్ అసలు కనపడకపోతే, తప్పు ప్లాన్ చూపిస్తుంటే, గడువు తక్కువ ఇస్తే అది టెలికామ్ వాళ్ళ బాధ్యత. సబ్‌స్క్రిప్షన్ ఉన్నట్టు చూపిస్తూ వీడియో ఆగిపోతుంటే, ఆడియో రాకపోతే యాప్ వాళ్ళని అడగాలి. టెలికామ్‌కి కంప్లైంట్ ఇచ్చేటప్పుడు కస్టమర్ కేర్ ఇచ్చే కంప్లైంట్ నంబర్ తప్పకుండా తీసుకోండి, అది లేకపోతే తర్వాతి మెట్టు ఎక్కలేరు. వాళ్ళ జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీల్ అథారిటీ ఉంటుంది, అక్కడికి ఉచితంగా అప్పీల్ చేసుకోవచ్చు. అక్కడా తేలకపోతే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చెయ్యొచ్చు. అప్పుడు వాళ్ళు అడిగేది రీఛార్జ్ చేసిన రోజు ప్లాన్‌లో ఏమని రాసి ఉందో చూపించమని. ప్లాన్ పేజీలు తరచూ మారిపోతాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ ప్లాన్ డీటైల్స్ మొత్తం, ఆ చిన్న అక్షరాల కండిషన్లతో సహా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.